కలాకండ్ ముందే అయిపోయింది, కాజు కత్లీ మిగిలిపోయింది: ఈ దీపావళికి ఎంత చేయించాలి?

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

మా నాన్నగారి మిఠాయి దుకాణం లెక్కలు ఇప్పుడు నేను చూస్తున్నాను. పోయిన దీపావళి 2025 అక్టోబరు 20, సోమవారం నాడు వచ్చింది. ముందు రోజు ఆదివారానికి 60 కిలోల కలాకండ్ చేయిస్తే సాయంత్రం ఐదింటికల్లా ట్రేలన్నీ ఖాళీ అయ్యాయి. మేము దుకాణం కట్టేసేది రాత్రి పదింటికి. ఆ ఐదు గంటలూ వచ్చినవారికల్లా లేదని చెప్పడమే పని అయింది. మరోవైపు పండుగ మొత్తానికి చేయించిన 140 కిలోల కాజు కత్లీలో 38 కిలోలు మిగిలాయి, అందులో చాలా భాగం తరువాతి వారంలో ధర తగ్గించి వదిలించుకోవలసి వచ్చింది. పండుగన్నాక ఇది మామూలేనని నాన్నగారు అంటారు. మాస్టరేమో ఈసారి కలాకండ్ వంద కిలోలు పోద్దాం అంటున్నాడు.

ఈ ఏడాది దీపావళి నవంబరు 8, ఆదివారం. ముందు రోజైన శనివారానికి కలాకండ్ ఎన్ని కిలోలు, పండుగ మొత్తానికి కాజు కత్లీ ఎన్ని కిలోలు అన్నది ఏ ఆధారంతో తేల్చుకోవాలి?

బేగంబజార్_బాబాయి

ఇందులో అంత తర్కం అవసరం లేదు. పోయిన ఏడాది అమ్మిన దానికి పది శాతం కలపండి. ముప్పై ఏళ్లుగా నా దగ్గర జీడిపప్పు కొనే దుకాణాలన్నీ చేసేది ఇదే, వాటిలో ఒక్కటీ మూతపడలేదు.

వంటిల్లు_వాణి

కాజు కత్లీ మిగిలితే ఎందుకు కంగారు పడతారు? గాలి చొరబడని డబ్బాలో బటర్ పేపరు పరిచి, ఫ్రిజ్‌లో పెడితే మా ఇంట్లో రెండు వారాలు చక్కగా ఉంటుంది. పాకం కాస్త ముదరనిస్తే ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

వాణి గారూ, ఇంటికి ఆ పద్ధతి బాగుంటుంది. నా ఇబ్బంది నిలవ చేయడం కాదు, పండుగ మరునాడు దాన్ని కొనేవారు లేకపోవడం. బాబాయి గారూ, మీ లెక్కన కలాకండ్ 66 కిలోలు అవుతుంది. అది సాయంత్రం ఆరింటికి అయిపోతుందేమోనని నా అనుమానం.

పాత_లెక్కలు

ఆ అనుమానం సరైనదే. పది శాతం కలపడంలో తప్పు లేదు, దేనికి కలుపుతున్నామన్నదే చూడాలి. ఆ ఆదివారం మీరు అమ్మింది 60 కిలోలు, ఎందుకంటే మీరు చేయించింది 60 కిలోలే. అది ఆ రోజు గిరాకీ కాదు, మీ ట్రేల కొలత. సరుకు అయిపోయిన ప్రతి రోజూ పుస్తకంలో ఇలాగే తక్కువ అంకె పడుతుంది, మరుసటి ఏడాది దాన్ని చూసి మళ్లీ తక్కువ చేయిస్తారు. మిగిలిన సరుకు అయితే కళ్లముందు ఉంటుంది కనుక దాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. లేదని విని తిరిగి వెళ్లినవారి పేరు మీద మాత్రం ఏ బిల్లూ ఉండదు.

నేను గొలుసు దుకాణాలకు సరుకు ప్రణాళికలు వేసే ఉద్యోగం చేసి విరమించాను. మూడు సంగతులు చెబితే ఏమైనా సాయపడగలను. ఒకటి, మీ బిల్లింగ్ యంత్రంలో బిల్లు పడిన వేళ ఉంటుందా? రెండు, సరుకు అయిపోకుండా రోజంతా నిలిచిన దీపావళి ముందు రోజు ఈమధ్య ఏదైనా ఉందా? మూడు, ఆ 140 కిలోల కాజు కత్లీలో కౌంటరు మీద అమ్మడానికి ఎంత, కంపెనీల ఆర్డర్లకు ఎంత చేయించారు? రెండు మిఠాయిల ధర, ఖర్చు కూడా చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

బిల్లు మీద వేళ పడుతుంది. 2024లో దీపావళి ముందు రోజు అక్టోబరు 30, బుధవారం. ఆ రోజు 70 కిలోల కలాకండ్ చేయిస్తే 64 కిలోలు అమ్ముడై 6 కిలోలు మిగిలాయి. ఆ 64లో సాయంత్రం ఐదింటిలోపు వెళ్లింది 29 కిలోలు మాత్రమే.

కలాకండ్ కిలో 600 రూపాయలకు అమ్ముతాం, పాలు, చక్కెర, గ్యాసు, కూలీ కలిపి 360 పడుతుంది. కాజు కత్లీ 1,100 రూపాయలు, ఖర్చు 760. ఆర్డర్ల విషయానికి వస్తే, ఒక కంపెనీ పావుకిలో పెట్టెలు 300 కావాలని ఫోనులో చెప్పి, చివరికి 180 మాత్రమే తీసుకుంది. మిగిలిన ఆర్డర్లు చెప్పినట్టే తీసుకున్నారు.

ఎక్సెల్_ప్రియుడు

అయితే లెక్క తేలిపోయింది. 2024లో ఐదింటిలోపు అమ్ముడైంది 64లో 29, అంటే సుమారు 45 శాతం. అదే తీరు 2025లోనూ ఉందనుకుంటే, ఐదింటిలోపే 60 కిలోలు పోయాయి కనుక రోజంతటి గిరాకీ 60ని 0.45తో భాగిస్తే వస్తుంది. జవాబు 133 కిలోలు. మీ మాస్టర్ చెప్పిన వంద కూడా చాలదు.

సికింద్రాబాద్_స్వీట్స్

ప్రియుడు గారూ, భాగహారం సరిగానే చేశారు కానీ తీసుకున్న రోజు సరైనది కాదు. 2024లోది బుధవారం, అందరూ ఆఫీసులకు వెళ్లిన రోజు. పని ముగించుకుని ఇంటికి వెళ్తూ కొనేవారే ఎక్కువ కనుక అమ్మకమంతా ఐదు దాటాక జరిగింది. 2025లోది ఆదివారం, జనం ఉదయం పదింటి నుంచే బయలుదేరతారు. బుధవారపు తీరును ఆదివారానికి తొడిగితే కలాకండ్ ట్రేలు మూసీ దాకా పేర్చుకోవాలి.

ఇంకొక సంగతి. 2024లో పండుగ అక్టోబరు 31నా, నవంబరు 1నా అని వాదన నడిచింది. మా దుకాణంలో ఆ ఏడాది ముందు రోజు గిరాకీ రెండు రోజులకు చీలిపోయింది. 2023 రాఖీకి ఇంతకంటే గందరగోళం చూశాం. ఆగస్టు 30న పౌర్ణమి ఉన్నా రాత్రి దాకా భద్ర ఉందని చాలామంది రాఖీ 31 ఉదయానికి మార్చుకున్నారు. మేము మొత్తం సరుకు 30కి సిద్ధం చేశాం. రెండు రోజులు కలిపి చూస్తే అంచనా దాదాపు సరిపోయింది. అయినా మొదటి రోజు రసమలై పారబోశాం, రెండో రోజు చాలక చేతులెత్తేశాం. ఎంత అన్నది సరిపోయినా ఏ రోజు అన్నది తప్పితే ఫలితం అదే.

ఈసారి ఆ బాధ లేదనుకుంటాను. అమావాస్య ఆదివారం మధ్యాహ్నానికి ముందే మొదలై సాయంత్రం పూజ వేళకు ఉంటుంది కనుక రెండు తేదీల వాదన రాదు.

పాత_లెక్కలు

సికింద్రాబాద్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. వేరే ఏడాది తీరు అరువు తెచ్చుకోవడం కంటే ఆ రోజునే అడగడం మేలు. దిల్‌సుఖ్‌నగర్ గారూ, 2025 అక్టోబరు 19 నాటి బిల్లులన్నీ, కలాకండ్ ఉన్నా లేకున్నా, బయటకు తీయండి. వాటిలో సాయంత్రం ఐదింటిలోపు పడినవి ఎంత భాగమో చూడండి. దుకాణంలోకి జనం ఏ వేళకు ఎంతమంది వచ్చారో అది చెబుతుంది. కలాకండ్ కొనేవారు మిగతావారిలాగే వచ్చారనుకుంటే, ఆ భాగంతో 60ని భాగించాలి.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

తీశాను. ఆ రోజు బిల్లుల్లో ఐదింటిలోపు పడినవి 70 శాతం, మధ్యాహ్నం పన్నెండులోపు పడినవి 30 శాతం. అంటే 60ని 0.7తో భాగిస్తే సుమారు 86 కిలోలు.

ఎక్సెల్_ప్రియుడు

133 నుంచి 86కు దిగాం. నా ఫైలు పేరులో ‘ఫైనల్’ అని రాసుకున్నాను, ఇప్పుడు ‘ఫైనల్ 2’ అని మార్చుకుంటున్నాను.

సికింద్రాబాద్_స్వీట్స్

86 దగ్గర కూడా నాకొక సందేహం ఉంది. కలాకండ్ లేదని తెలిసి కొందరు ఏమీ కొనకుండా వెళ్లిపోయి ఉంటారు. వారికి బిల్లు లేదు. అంటే ఐదు తరువాత బిల్లుల సంఖ్య కూడా అసలు వచ్చిన జనం కంటే తక్కువే. అప్పుడు 70 శాతం అన్నది కొంచెం ఎక్కువ చూపిస్తున్నట్టు, 86 కొంచెం తక్కువ చూపిస్తున్నట్టు కదా?

పాత_లెక్కలు

నిజమే, 86ను కింది గీతగా తీసుకోవాలి. ఎంతమంది వెళ్లిపోయారో బిల్లుల నుంచి రాబట్టలేం. అయితే మిగిలినవారు ఏం చేశారో కొంత తెలుస్తుంది. కలాకండ్ లేకపోతే మీ కౌంటరులో జనం దేనివైపు చూస్తారు?

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

మైసూర్‌పాక్, మిల్క్‌కేక్. ఇప్పుడే చూశాను. ఐదింటిలోపు సుమారు అయిదు బిల్లులకు ఒక దానిలో మైసూర్‌పాక్ ఉంది. ఐదు తరువాత మూడు బిల్లులకు ఒక దానిలో ఉంది.

బేగంబజార్_బాబాయి

అయితే నష్టమెక్కడిది? కలాకండ్ కోసం వచ్చినవాడు మైసూర్‌పాక్ కొన్నాడు. డబ్బు గల్లాలోనే పడింది. మీరంతా కలిసి లేని నష్టాన్ని పుట్టిస్తున్నారు.

పాత_లెక్కలు

బాబాయి గారి మాటలో సగం నిజం ఉంది. పోయిన గిరాకీ అంతా పోయిన అమ్మకం కాదు, కొంత పక్క ట్రేలోకి మారింది. కానీ దానివల్ల రెండో తప్పు పుడుతుంది. పోయిన ఏడాది మైసూర్‌పాక్ అమ్మకం చూసి ఈసారి దాన్ని పెంచితే, కలాకండ్ నిండుగా ఉన్న రోజున ఆ పెంచిన మైసూర్‌పాక్ మిగులుతుంది. కలాకండ్ పెంచుతున్నప్పుడు మైసూర్‌పాక్‌ను ఐదింటికి ముందు నడిచిన వేగంతోనే లెక్కించాలి. ఒక మిఠాయి అంచనాను పక్కదాన్ని చూడకుండా దిద్దితే సరుకు ఒక ట్రే నుంచి ఇంకో ట్రేకు మారుతుందే తప్ప మిగులు తగ్గదు.

ఇక కాజు కత్లీ. తగ్గిన పెట్టెలు 120, పావుకిలో చొప్పున 30 కిలోలు. మీ మిగులు 38. అంటే కౌంటరు మీద మీ అంచనా తప్పింది 8 కిలోలే, ఆ పరిమాణానికి అది చాలా మంచి అంచనా. 30 కిలోలు మిగలడానికి అంచనాతో సంబంధం లేదు, ఫోనులో విన్న మాటను ఖాయమైన ఆర్డరుగా రాసుకోవడం వల్ల మిగిలాయి. ఈ రెండూ ఒకే గడిలో వేస్తే, కాజు కత్లీ గిరాకీ పడిపోయిందని అనుకుని ఈసారి కౌంటరుకు తక్కువ చేయిస్తారు. అప్పుడు అక్కడా ఖాళీ ట్రేలే.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

ఇది నాకు తట్టలేదు. నేను నిజంగానే ఈసారి కాజు కత్లీని 110కి తగ్గించాలనుకుంటున్నాను. అయితే ఆర్డర్లకు ముందే అడ్వాన్సు అడగవచ్చా? నాన్నగారు మొహమాటపడుతున్నారు.

మాధాపూర్_అడ్మిన్

నేను అవతలి వైపు మనిషిని, మా ఆఫీసుకు పెట్టెలు తెప్పించే పని నాదే. అంకె ఎందుకు మారుతుందో చెబుతాను. సెప్టెంబరులో మీకు ఫోను చేసేటప్పుడు మా దగ్గర ఉన్నది పోయిన ఏడాది ఉద్యోగుల సంఖ్య. ఖర్చుకు అనుమతి వచ్చేది పండుగకు పది రోజుల ముందు. ఇంటి నుంచి పనిచేసేవారికి పెట్టె పంపాలా వద్దా అన్నది ఇంకా ఆలస్యంగా తేలుతుంది. మొదట చెప్పిన అంకెలో సగం ఒక్క సంతకంతో ఎగిరిపోయిన ఏడాది కూడా ఉంది.

అడ్వాన్సు విషయంలో పెద్ద కంపెనీల దగ్గర ఆశ పెట్టుకోకండి. బిల్లు పెట్టిన ముప్పై రోజులకు చెల్లించే పద్ధతి మాది, మిఠాయి దుకాణం కోసం దాన్ని మార్చరు. కానీ పర్చేజ్ ఆర్డరు చేతికి వచ్చేదాకా చేయించబోమని, ఫలానా తేదీ తరువాత పది శాతానికి మించి తగ్గించడానికి వీల్లేదని రాసి పంపితే మేము ఒప్పుకుంటాం. అలా రాసి పంపే దుకాణాలు తక్కువ, అంతే.

సికింద్రాబాద్_స్వీట్స్

చిన్న ఆఫీసులు, అపార్ట్‌మెంట్ సంఘాలు అయితే సగం అడ్వాన్సు ఇస్తాయి, మొహమాటం అక్కర్లేదు. పర్చేజ్ ఆర్డరు ఇచ్చేవారి విషయంలో మాధాపూర్ గారి మాట పాటించండి. మేము పుస్తకంలో మూడు వరుసలు పెట్టుకుంటాం: డబ్బో కాగితమో వచ్చినవి, ధర మాట్లాడుకున్నవి, ఊరికే అడిగినవి. జీడిపప్పు కొనేటప్పుడు మొదటి వరుసను మొత్తంగా, రెండో వరుసను సగంగా లెక్కిస్తాం. మూడోదాన్ని అసలు లెక్కించం.

ఇంకొకటి, ఈసారి ధనత్రయోదశి నవంబరు 6, శుక్రవారం. శని, ఆదివారాలు ఐటీ ఆఫీసులకు సెలవు కనుక పెట్టెలన్నీ గురు, శుక్రవారాల్లోనే పంచేస్తారు. మీ పెట్టెల పని గురువారం రాత్రికి ముగియాలి. అప్పుడే శనివారం పొయ్యిలు కలాకండ్‌కు ఖాళీగా ఉంటాయి.

ఎక్సెల్_ప్రియుడు

కాజు కత్లీ సంగతి అర్థమైంది. కలాకండ్‌కు 86 కింది గీత అంటున్నారు కనుక మాస్టర్ చెప్పిన వందకు వెళ్లిపోవచ్చు కదా? తక్కువ పడి చెడ్డపేరు తెచ్చుకోవడం కంటే కాస్త మిగలడం నయం.

పాత_లెక్కలు

అన్ని మిఠాయిలకూ అది నయం కాదు. చివరి కిలో గురించి ఆలోచించండి. ఒక కిలో కలాకండ్ అమ్ముడైతే మీకు మిగిలేది 240 రూపాయలు. మిగిలిపోతే పోయేది 360. అంటే ఆ కిలో అమ్ముడుపోయే అవకాశం పదింట ఆరు కంటే ఎక్కువ ఉంటేనే దాన్ని చేయించడం లాభం. మీ మనసులో గిరాకీ 75 నుంచి 105 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని ఉంటే, మధ్యలో ఉన్న 90వ కిలోకు సగం అవకాశమే ఉంది. లాభం లెక్క ఆగేది 87 దగ్గర. వందో కిలో అమ్ముడవ్వడం ఆరు పండుగల్లో ఒక్కసారే.

కాజు కత్లీకి ఇదే లెక్క వేరుగా వస్తుంది. అమ్ముడైతే మిగిలేది 340. మిగిలితే 760 మొత్తం పోదు, తరువాతి రోజుల్లో కొంత మామూలు ధరకు, కొంత తగ్గించి అమ్మవచ్చు. సగటున కిలోకు వంద రూపాయలు పోతాయనుకుంటే, నాలుగింట ఒక వంతు కంటే తక్కువ అవకాశం ఉన్న కిలో కూడా చేయించదగ్గదే. కాబట్టి కౌంటరు మీద కాజు కత్లీని ధారాళంగా, కలాకండ్‌ను పొదుపుగా లెక్కించాలి. మీ దుకాణంలో పోయినసారి జరిగిన దాన్ని బట్టి మనసు దీనికి సరిగ్గా తలకిందులుగా లాగుతుంది.

వంటిల్లు_వాణి

శనివారం మిగిలిన కలాకండ్ ఆదివారం పండుగ నాడు అమ్ముకోవచ్చు కదా? అప్పుడు 360 రూపాయలూ పోవు. ఈసారైనా ప్రశ్న సరిగ్గా అర్థం చేసుకున్నానా?

పాత_లెక్కలు

సరిగ్గా అర్థం చేసుకున్నారు, నా లెక్కలోని ఖాళీని కూడా పట్టుకున్నారు. మరునాటికి నిలిస్తే లెక్క మారుతుంది. శనివారం ధారాళంగా, ఆదివారం పొదుపుగా చేయించాలని వస్తుంది.

ఆహార_భద్రత

కలాకండ్‌తో ఆ పని పెట్టుకోకండి. విడిగా అమ్మే మిఠాయిల ట్రే దగ్గర ‘ఈ తేదీలోపు వాడాలి’ అని రాసి పెట్టడం 2020 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన మార్గదర్శక పట్టికలో కలాకండ్‌ను తయారైన రోజునే తినవలసిన వాటిలో చేర్చారు. బూందీ లడ్డూకు నాలుగు రోజులు, కాజు కత్లీకి ఏడు రోజులు ఇచ్చారు. ఆ పట్టిక సూచన మాత్రమే, తేదీ నిర్ణయించే బాధ్యత దుకాణానిది. కానీ కలాకండ్‌లో తేమ ఎక్కువ, పండుగ రద్దీలో ట్రే రోజంతా బయటే ఉంటుంది. అలాంటి సరుకు మీద మరునాటి తేదీ వేసే ధైర్యం నాకైతే లేదు.

ఇంకొకటి గమనించండి. కలగలుపు పెట్టెలో కలాకండ్ ముక్క పెడితే, ఆ పెట్టె మొత్తానికీ కలాకండ్ తేదీయే వర్తిస్తుంది. ఆఫీసుల పెట్టెల్లో దాన్ని పెట్టకండి.

సికింద్రాబాద్_స్వీట్స్

మేము మరునాడు అమ్మం కానీ, అమ్మే దుకాణాలు ఎన్నో మనకు తెలియనిది కాదు. ఈ విషయంలో మా వీధిలో ఏకాభిప్రాయం లేదు.

పాత లెక్కల గారితో నా పేచీ వేరే ఉంది. అమ్ముడుపోని కిలోకు 360 పోతుందన్నారు, బాగుంది. అమ్మలేకపోయిన కిలోకు 240 మాత్రమే పోతుందా? కలాకండ్ కోసం వచ్చినవాడు దానితోపాటు లడ్డూ, కారప్పూస కూడా తీసుకునేవాడు. కలాకండ్ లేదంటే పక్క దుకాణానికి వెళ్లి మొత్తం అక్కడే కొంటాడు. పైగా వచ్చే రాఖీకి మా గడప తొక్కుతాడో లేదో. ఆ లెక్క కూడా కలిపితే 100 కిలోలు తప్పేమీ కాదనిపిస్తుంది.

బేగంబజార్_బాబాయి

ఇప్పుడే కదా డబ్బు గల్లాలో పడిందని తేల్చాం!

పాత_లెక్కలు

మీ ఇద్దరూ చెప్పింది ఒకే దుకాణంలో ఒకేసారి జరుగుతుంది. కొందరు మైసూర్‌పాక్‌కు మారతారు, కొందరు మొత్తం బిల్లు పట్టుకుని వెళ్లిపోతారు. ఎవరు ఎక్కువో పోయిన ఏడాది బిల్లుల నుంచి తేల్చలేం. ఈసారి కౌంటరు దగ్గర ఒక కాగితం పెట్టి, కలాకండ్ అయిపోయాక అడిగినవారికి ఒక్కో గీత, ఏమీ కొనకుండా వెళ్లినవారికి గీత మీద అడ్డగీత పెట్టమనండి. వచ్చే ఏడాది ఈ వాదన ఉండదు. ఈ ఏడాదికి సికింద్రాబాద్ గారి మాటను కొంత మన్నించి 87కు బదులు 90 అనుకుందాం.

ఇంతకీ ఈ ఏడాది వ్యాపారం పెరిగిందా, తగ్గిందా? దానికి పోయిన దీపావళిని కాదు, ఈ ఏడాది గడిచిన పండుగలను చూడాలి.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

రాఖీ వారంలో బిల్లులు పోయిన ఏడాదికంటే 8 శాతం పెరిగాయి. వినాయక చవితికి ఏమీ పెరగలేదు. మా వీధి చివర ఆగస్టు నెలాఖరులో కొత్త స్వీట్ షాపు తెరిచారు, కారణం అదే అయి ఉండవచ్చు. దసరా ఇంకా రావలసి ఉంది.

బేగంబజార్_బాబాయి

పోయిన దీపావళి 20వ తేదీన వచ్చింది, జీతాలు అప్పటికి అడుగంటుతాయి. ఈసారి 8వ తేదీ, జేబులు నిండుగా ఉంటాయి. మీ శాస్త్రంలో దీనికి చోటుందా?

పాత_లెక్కలు

తప్పకుండా ఉంది, బాబాయి గారి ఈ మాట విలువైనది. 2023లో దీపావళి నవంబరు 12, అది కూడా ఆదివారమే, జీతాలు వచ్చాకే. గురువారం నుంచి ఆదివారం దాకా ఏ రోజు ఎంత భాగం అమ్ముడైందో చూడడానికి 2025 కంటే 2023 దగ్గరి పోలిక. అప్పటి కిలోల అంకెలు పాతబడ్డాయి, రోజుల మధ్య నిష్పత్తి మాత్రం తీసుకోండి. చిన్న తేడా ఉంది. 2023లో ముందు రోజు రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. ఈసారి నవంబరు 7 మొదటి శనివారం, బ్యాంకులు పనిచేస్తాయి. ఐటీ ఉద్యోగులు ఉదయం వస్తారు, దుకాణాల్లో, బ్యాంకుల్లో పనిచేసేవారు సాయంత్రం వస్తారు. కాబట్టి ఐదింటిలోపు 70 శాతం కాక కొంచెం తక్కువే పడవచ్చు.

కొత్త దుకాణం ప్రభావం దసరాకు కనబడుతుంది. దసరా బిల్లులు పోయిన దసరాకంటే తగ్గకపోతే 90 దగ్గర ఉండండి. తగ్గితే 80కి దిగండి.

సికింద్రాబాద్_స్వీట్స్

90 అన్నా 80 అన్నా ఒకేసారి చేయించడం ఎందుకు? మేము రెండు వాయిల్లో చేస్తాం. ఉదయానికి 60 కిలోలు సిద్ధంగా ఉంటాయి. పన్నెండింటికి ఎంత అమ్ముడైందో చూసి రెండో వాయి పోస్తాం. పాలు మరిగి విరిగి దగ్గర పడడానికి రెండు గంటలు, ట్రేలో పోసి ఆరి కోతకు రావడానికి ఇంకో మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే ఐదింటికి కౌంటరు మీద ఉంటుంది. పోయినసారి మీకు ఖాళీ అయిన వేళ అదే.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

రెండో వాయికి పాలు ముందు రోజు సాయంత్రమే చెప్పాలి. మాకు కిలో కలాకండ్‌కు దాదాపు నాలుగు లీటర్ల గేదె పాలు పడతాయి. 30 కిలోలకు 120 లీటర్లు తెప్పించాక, మధ్యాహ్నం గిరాకీ లేదని తేలితే ఆ పాలు ఏం చేయాలి?

సికింద్రాబాద్_స్వీట్స్

కోవాగా దించి చల్లగా పెట్టండి. ఆదివారం పేడాలకు, గులాబ్‌జామ్‌కు పనికొస్తుంది. కలాకండ్‌గా మారాక దానికి ఒక్క రోజే ఆయువు, పాలుగానో కోవాగానో ఉన్నంతసేపు నిర్ణయం మీ చేతిలో ఉంటుంది.

ఎక్సెల్_ప్రియుడు

పన్నెండింటికి చూసుకోవడానికి పట్టిక నేను చెబుతాను. పోయినసారి మధ్యాహ్నంలోపు 30 శాతం బిల్లులు పడ్డాయి. 27 కిలోలు పోయి ఉంటే రోజుకు 90, రెండో వాయి 30 కిలోలు. 21 పోయి ఉంటే రోజుకు 70, రెండో వాయి 10 చాలు. 35 పోయి ఉంటే 117కు దగ్గర, ఉన్న పాలన్నీ పొయ్యి మీద పెట్టండి. ఈసారి భాగహారంలో రోజు కూడా సరైనదే అనుకుంటున్నాను.

పాత_లెక్కలు

దాదాపు సరైనదే. శనివారం సాయంత్రం బరువెక్కుతుందని చెప్పాను కనుక 21 చూసి 10కే పరిమితం కాకుండా 15 పోయించండి. 35 అయితే మొదటి 60 కిలోలు దాదాపు రెండు ముప్పావుకే అయిపోతాయి, రెండో వాయి ఐదింటికి గాని రాదు. రెండు గంటలకు పైబడిన ఆ ఖాళీని తగ్గించాలంటే పన్నెండింటి దాకా ఆగకుండా పదకొండింటికే ఒకసారి తూకం చూసుకోవాలి. అయితే ఆ వేళకు అమ్మకం తక్కువ ఉంటుంది, పెద్ద ఆర్డరు ఒక్కటి పడినా లెక్క తప్పుతుంది. అయిదు కిలోలు దాటిన బిల్లులను పక్కన పెట్టి చూడండి.

దిల్‌సుఖ్‌నగర్_మిఠాయి

మాస్టర్‌తో మాట్లాడాను. రెండు వాయిలకు అతనికి అభ్యంతరం లేదు, కానీ మధ్యాహ్నం పెద్ద కడాయి ఒకటి జిలేబీ నుంచి ఖాళీ చేయాలంటున్నాడు. జిలేబీ నాలుగింటి దాకా ఆపితే ఎంత పోతుందో బిల్లుల్లో చూసి చెబుతాను. దసరా అంకెలు కూడా ఇక్కడే పెడతాను.

బేగంబజార్_బాబాయి

జీడిపప్పు మాత్రం దసరా దాటేదాకా ఆగి కొనకండి, అప్పటికి అందరూ ఒకేసారి దిగుతారు. కౌంటరుకు కావలసినంత ఇప్పుడే తీసుకోండి, పప్పు పాడవదు. ఆర్డర్ల పప్పు కాగితం వచ్చాక తీసుకుంటే సరిపోతుంది. పది శాతం కలపమని మళ్లీ చెప్పను లెండి.